పిస్టన్ వేగమంతా ఒక చిన్న త్రిభుజంలో: స్లైడర్ క్రాంక్ యంత్రాంగానికి తక్షణ కేంద్ర పద్ధతి

బాలానగర్ రోడ్ల వెంట టైర్ల దుకాణాల ముందు గాలి నింపే కంప్రెసర్లు కనిపిస్తాయి. మోటారు బెల్టు ద్వారా పెద్ద చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రంతో పాటు లోపల క్రాంక్ తిరుగుతుంది, క్రాంక్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ పిస్టన్‌ను సిలిండర్‌లో ముందుకూ వెనక్కూ నడుపుతుంది. ఈ అమరికనే స్లైడర్ క్రాంక్ యంత్రాంగం అంటారు. క్రాంక్ ఒకే వేగంతో తిరుగుతున్నా పిస్టన్ వేగం మాత్రం ప్రతి క్షణమూ మారుతూనే ఉంటుంది: రెండు చివరలా సున్నా, నడుమ ఎక్కడో గరిష్ఠం. క్రాంక్ ఒకానొక కోణంలో ఉన్నప్పుడు పిస్టన్ ఎంత వేగంగా కదులుతోందో, రాడ్ ఎంత వేగంగా ఊగుతోందో స్కేలు, కోణమానినితో తేల్చే పద్ధతి ఒకటి ఉంది. పాలిటెక్నిక్ విద్యార్థులు దాన్ని ‘ఐ సెంటర్’ పద్ధతి అంటారు.

దీని మూలసూత్రం సరళమైనది. ఒక తలంలో కదిలే దృఢ వస్తువు ఎంత చిక్కుగా కదిలినా, ఒక్క క్షణాన్ని మాత్రమే తీసుకుంటే అది ఏదో ఒక బిందువు చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ బిందువే తక్షణ కేంద్రం, అంటే ఐ సెంటర్. జారకుండా దొర్లే ఆటో చక్రానికి అది రోడ్డును తాకే చోట ఉంటుంది, ఎందుకంటే ఆ క్షణంలో ఆ చోటి రబ్బరుకు వేగం లేదు. వస్తువు మీది ఏ బిందువైనా తక్షణ కేంద్రాన్నీ తననూ కలిపే రేఖకు లంబంగానే కదులుతుంది. కాబట్టి రెండు బిందువుల వేగదిశలు తెలిస్తే చాలు, వాటికి లంబాలు గీసినప్పుడు అవి కలిసే చోట కేంద్రం దొరుకుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. క్రాంక్ పొడవు 40 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ 160 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 600 చుట్లు, అంటే సెకనుకు 62.83 రేడియన్లు. పిస్టన్ సిలిండర్ పైకొసన ఉన్నప్పటి స్థితి నుంచి క్రాంక్ 60 డిగ్రీలు తిరిగిందనుకుందాం. సిలిండర్ అక్షాన్ని కాగితం మీద అడ్డంగా గీసి, క్రాంక్ కేంద్రాన్ని ఓ అనీ, క్రాంక్ పిన్నును ఏ అనీ, పిస్టన్ పిన్నును బి అనీ గుర్తు పెడదాం. క్రాంక్ పిన్ను ఏ, ఓ చుట్టూ తిరుగుతుంది కనుక దాని వేగానికి లంబం ఓ–ఏ రేఖ మీదే పడుతుంది. బి అక్షం వెంటే కదులుతుంది కనుక దాని లంబం బి దగ్గర నిలువుగా లేచే రేఖ. ఓ–ఏ రేఖను పొడిగిస్తే, ఆ నిలువు రేఖను ఐ అనే బిందువు దగ్గర తాకుతుంది. ఆ క్షణంలో కనెక్టింగ్ రాడ్ మొత్తం ఐ చుట్టూ తిరుగుతోందన్న మాట.

పూర్తి స్కేలుతో గీస్తే ఐ–ఏ దూరం 312.4 మిల్లీమీటర్లు, ఐ–బి దూరం 305.2 మిల్లీమీటర్లు వస్తాయి. క్రాంక్ పిన్ను వేగం సెకనుకు 2.513 మీటర్లు. దాన్ని 0.3124తో భాగిస్తే రాడ్ కోణీయ వేగం సెకనుకు 8.05 రేడియన్లు. దీన్ని 0.3052తో గుణిస్తే పిస్టన్ వేగం సెకనుకు 2.46 మీటర్లు.

పరీక్షకు ఇంతవరకు సరిపోతుంది. చిక్కు డ్రాయింగ్ బల్ల మీద మొదలవుతుంది. 60 డిగ్రీల దగ్గరే ఐ బిందువు అక్షం నుంచి 30 సెంటీమీటర్లు పైన ఉంది. అదే 85 డిగ్రీలకు గీస్తే 1.8 మీటర్ల పైకి పోతుంది, ఏ కాగితమూ చాలదు. అక్కడ రెండు లంబాల మధ్య కోణం 5 డిగ్రీలే కాబట్టి పెన్సిలు అర డిగ్రీ పక్కకు జరిగినా ఆ బిందువు 15 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. విచిత్రం ఏమిటంటే, అప్పుడు కూడా పిస్టన్ వేగంలో పెద్ద తేడా రాదు, ఎందుకంటే దానికి కావలసింది ఐ–బి, ఐ–ఏ దూరాల నిష్పత్తి మాత్రమే, ఆ రెండూ కలిసే పెరుగుతాయి. రాడ్ కోణీయ వేగం మాత్రం పదో వంతు దాకా తప్పుతుంది. సరిగ్గా 90 డిగ్రీల దగ్గర రెండు లంబాలూ సమాంతరాలవుతాయి, ఐ అనంత దూరానికి పోతుంది. ఆ క్షణంలో రాడ్ తిరగదు, మొత్తంగా ఒక పక్కకు జరుగుతుందంతే, కాబట్టి పిస్టన్ వేగమూ పిన్ను వేగమూ సమానం.

ఈ ఇబ్బందిని తప్పించే రెండో కేంద్రం ఇదే బొమ్మలో ఉంది. నన్నడిగితే ఈ పద్ధతిలో అసలైన అందం అక్కడే ఉంది. క్రాంక్, రాడ్, పిస్టన్, కదలని చట్రం అనే నాలుగు భాగాలున్న ఈ యంత్రాంగంలో రెండేసి భాగాల మధ్య ఒకటి చొప్పున మొత్తం ఆరు తక్షణ కేంద్రాలు ఉంటాయి. మూడు భాగాలను తీసుకుంటే వాటి మూడు కేంద్రాలు ఒకే సరళరేఖ మీద పడతాయి. ఆరోన్‌హోల్డ్, కెన్నెడీల పేర్లతో ప్రసిద్ధమైన ఈ సిద్ధాంతం 19వ శతాబ్దం చివరి భాగంలో రూపుదిద్దుకుంది. దీని ప్రకారం క్రాంక్‌కూ పిస్టన్‌కూ మధ్యనుండే కేంద్రం, రాడ్ రేఖను పొడిగించినప్పుడు ఓ దగ్గరి నిలువు రేఖను తాకే చోట పడుతుంది. దాన్ని ఎం అందాం.

ఎం అంటే క్రాంక్‌ను ఒక పెద్ద పలకగా, పిస్టన్‌ను మరో పెద్ద పలకగా ఊహించినప్పుడు రెండింటికీ ఒకే వేగం ఉండే చోటు. క్రాంక్ పలక మీది బిందువుగా చూస్తే దాని వేగం క్రాంక్ కోణీయ వేగాన్ని ఓ–ఎం దూరంతో గుణించినంత. పిస్టన్ పలక తిరగదు కాబట్టి దాని మీది ప్రతి బిందువూ పిస్టన్ వేగంతోనే కదులుతుంది, ఎం కూడా అంతే. అందువల్ల పిస్టన్ వేగం తెలుసుకోవడానికి ఓ–ఎం దూరాన్ని కొలిస్తే చాలు. మన బొమ్మలో అది 39.1 మిల్లీమీటర్లు, 62.83తో గుణిస్తే మళ్లీ అదే 2.46. ఏ–ఎం దూరం 20.5 మిల్లీమీటర్లు. దాన్ని 62.83తో గుణిస్తే ఏ నుంచి చూసినప్పుడు బి వేగం సెకనుకు 1.29 మీటర్లు, దాన్ని రాడ్ పొడవు 0.16తో భాగిస్తే మళ్లీ 8.05 రేడియన్లు. ఓ, ఏ, ఎం బిందువులు కలిసిన ఈ త్రిభుజం నిజానికి 90 డిగ్రీలు తిప్పి పెట్టిన వేగ చిత్రమే. పిస్టన్ త్వరణాన్ని కూడా గీతలతోనే రాబట్టే క్లైన్ నిర్మాణం మొదలయ్యేది కూడా దీనితోనే.

ఎం ఎప్పుడూ కాగితం దాటిపోదు. క్రాంక్‌ను తిప్పుతూ అది ఓ నుంచి ఎంత దూరం పోతుందో చూస్తే పిస్టన్ వేగం కథంతా కళ్ల ముందే ఉంటుంది. రెండు కొసల దగ్గర ఎం వచ్చి ఓ మీద కూర్చుంటుంది, పిస్టన్ ఆగుతుంది. 90 డిగ్రీల దగ్గర క్రాంక్ పిన్ను ఏ మీదికి చేరుతుంది, దూరం సరిగ్గా 40. కానీ గరిష్ఠ దూరం అక్కడ కాదు, 76, 77 డిగ్రీల మధ్య, 41.2 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. దాదాపు క్రాంక్‌కూ రాడ్‌కూ మధ్య లంబకోణం ఏర్పడే చోటు అది. పిస్టన్ తన దారి సగం మధ్యలో గరిష్ఠ వేగం అందుకుంటుందని చాలామంది అనుకుంటారు, క్రాంక్ లంబంగా నిలిచినప్పుడని మరికొందరు అనుకుంటారు. రాడ్ పొడవుకు హద్దు ఉన్నంతకాలం రెండూ నిజం కావు.

ఈ పద్ధతిని ఎక్కడ వాడకూడదో కూడా తెలిసి ఉండాలి. ఐ తెలిసింది కదా అని త్వరణాన్నీ దాని చుట్టూ లెక్కవేసే పొరపాటు పరీక్ష పేపర్లలో తరచుగా కనిపిస్తుంది. 8.05 వర్గాన్ని 0.3052తో గుణిస్తే సెకను వర్గానికి సుమారు 19.8 మీటర్లు వస్తుంది, దాని దిశ ఐ వైపు, అంటే నిలువుగా. సిలిండర్ గోడల మధ్య బంధించిన పిస్టన్ నిలువుగా త్వరణం పొందడం అసాధ్యం కాబట్టి ఆ సమాధానం తప్పని దిశ చూడగానే తెలిసిపోతుంది. ఐకి ఆ క్షణంలో వేగం లేకపోయినా త్వరణం ఉంటుంది, మరుక్షణం కేంద్రం వేరే చోటికి జరిగిపోతుంది. ఇదే 60 డిగ్రీల స్థితిలో పిస్టన్ అసలు త్వరణం అక్షం వెంట క్రాంక్ కేంద్రం వైపు సెకను వర్గానికి 59.2 మీటర్లు. దాన్ని రాబట్టాలంటే ఓ–ఏ–ఎం త్రిభుజం మీద క్లైన్ నిర్మాణాన్ని పూర్తి చేయాలి, లేదా స్థానాన్ని రెండుసార్లు అవకలనం చేయాలి.