27×34 గుణకారంలో ఆ 290 ఎటు పోయింది?

నాలుగో తరగతి పాప తల్లి ఒకరు అడిగారు: "ఎక్కాలన్నీ గడగడా చెప్పేస్తుంది, కానీ 27×34 ఇస్తే 628 అంటుంది. ఎక్కడ పొరపాటు?" పాప ఏం చేసిందో చూడగానే తెలిసిపోతుంది. పదుల్ని పదులతో హెచ్చవేసింది, ఒకట్లను ఒకట్లతో హెచ్చవేసింది. 600, 28, కలిపితే 628. కూడికలో అలాగే చేస్తాం కదా, పదులు పదులతో, ఒకట్లు ఒకట్లతో, కాబట్టి పాపకు ఇదీ సహజంగానే అనిపించి ఉంటుంది. దీనికి ఎక్కాలు మళ్లీ బట్టీ పట్టించి లాభం లేదు. ఒక గ్రాఫ్ పేపర్ తెచ్చి గుణకారాన్ని గీసి చూపించాలి.

పదో తరగతి పిల్లలు వాడే మిల్లీమీటర్ గ్రాఫ్ పేపర్ దీనికి చాలా బాగుంటుంది. అందులో పది చిన్న గళ్లకో లావు గీత ఉంటుంది, అంటే నాలుగు లావు గీతల మధ్య ఉండే ప్రతి పెద్ద గడిలో సరిగ్గా 100 చిన్న గళ్లు. రెండు లావు గీతలు కలిసే మూల దగ్గర మొదలుపెట్టి (ఇది ముఖ్యం, మధ్యలో ఎక్కడో మొదలుపెడితే ఆట చెడిపోతుంది) అడ్డంగా 34 గళ్లు, నిలువుగా 27 గళ్లు వచ్చేలా దీర్ఘచతురస్రం గీయించండి. లోపల ఎన్ని చిన్న గళ్లున్నాయో అదే 27×34. ఒక్కొక్కటీ లెక్కపెట్టనక్కర్లేదు, అడ్డంగా 30 దగ్గర, నిలువుగా 20 దగ్గర ఉన్న లావు గీతల మీద పెన్సిల్‌తో దిద్దితే బొమ్మ నాలుగు ముక్కలవుతుంది.

ఎడమ పక్క పైన ఉన్న పెద్ద ముక్కలో 100 గళ్ల పెద్ద గడులు అడ్డంగా మూడు, నిలువుగా రెండు, మొత్తం ఆరు. 20×30కి "రెండు మూళ్లు ఆరు, రెండు సున్నాలు తగిలించు" అని చెప్తామే, ఆ రెండు సున్నాలు ఎక్కడినుంచి వచ్చాయో ఇక్కడ కంటికి కనిపిస్తుంది: ఆరు వందలు. దాని కుడి పక్కన నాలుగు గళ్ల వెడల్పున్న సన్నటి పట్టీ, అందులో పదేసి గళ్ల వరుసలు ఎనిమిది, అంటే 80. కింద ఏడు గళ్ల ఎత్తున్న పట్టీలో పదేసి గళ్ల వరుసలు ఇరవై ఒకటి, 210. మూలన మిగిలిన చిన్న ముక్కలో విడి గళ్లు 28. వందలు ఒక చోట, పదులు రెండు చోట్ల, ఒకట్లు ఒక చోట! గ్రాఫ్ పేపర్ తనంతట తానే స్థానాలు విడదీసి పెట్టింది, నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చేది ఇదే. 600+80+210+28 కలిపితే 918.

ఇప్పుడు పాప చేసిన 628ని రంగు పెన్సిల్‌తో నింపమనండి. పెద్ద ముక్క, మూల ముక్క నిండుతాయి, రెండు పట్టీలు తెల్లగా మిగిలిపోతాయి. 80, 210, ఆ 290 అక్కడే ఉంది.

బడిలో నేర్పే నిలువు గుణకారం కూడా ఈ బొమ్మే. పైన 34, కింద 27 వేసి చేస్తే మొదటి వరుసలో 238 వస్తుంది, అది కింది పట్టీ, మూల ముక్క కలిపినది (210+28). రెండో వరుసలో ఒకట్ల కింద సున్నానో ఇంటూ మార్కో పెట్టి 68 రాస్తాం, అది నిజానికి 680, పైనున్న రెండు ముక్కలూ (600+80). 27ని పైన వేస్తే 108, 810 వస్తాయి, అంటే అదే బొమ్మను అడ్డంగా కాకుండా నిలువుగా కోశామన్నమాట. "ఎందుకో అడక్కు, మార్కు పెట్టు" అని నేర్పడం నాకు అస్సలు నచ్చదు, కారణం ఇంత దగ్గరగా ఉన్నప్పుడు!

నాలుగైదు లెక్కలు ఇలా చేశాక గ్రాఫ్ పేపర్ పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద చేత్తో ఒక పెట్టె గీసి నాలుగు గడులు చేస్తే చాలు, కొలతలు అవసరం లేదు. కానీ మొదటిరోజే ఖాళీ పెట్టె ఇచ్చేస్తే అదీ ఇంకో బట్టీ పద్ధతి అయిపోతుంది, పిల్లలు 20×30 గడిలో 60 రాసేసి ముందుకెళ్లిపోతారు. గ్రాఫ్ గీసిన పిల్లకైతే అనుమానం వస్తుంది, ఎందుకంటే అన్నిటికన్నా పెద్ద ముక్కలో 60 ఉండి, దాని కిందున్న పట్టీలో 210 ఉండటం కుదరదు.

మూడంకెల సంఖ్యలకు వెళ్తే గడులు తొమ్మిదవుతాయి, వాటిని కూడడంలోనే తప్పులు దొర్లుతాయి, కాబట్టి అక్కడ నిలువు గుణకారమే మేలు. కానీ పెట్టెను పూర్తిగా మర్చిపోనివ్వకండి. ఎనిమిదో తరగతిలో (a+b)² అంటే a²+b² అని రాసే పిల్లలు వదిలేసేది కూడా ఆ రెండు పట్టీలనే, అక్కడ వాటి పేరు 2ab.