స్టీరింగు కుడివైపు కనిపిస్తే మన దేశమేనా? కారులోంచి తీసిన ఫోటోలపై అపోహలు – వాస్తవాలు

నా పని వార్తల డెస్కుకు వచ్చే ఫోటోలు ఎక్కడివో తేల్చడం. వరదలు, ప్రమాదాలు, ట్రాఫిక్ గొడవలు జరిగినప్పుడు వచ్చే వాటిలో చాలా భాగం కారులో కూర్చుని తీసినవే. వాటి మీద అందరూ ముందుగా వేసే ప్రశ్న ఒక్కటే: స్టీరింగు ఏ వైపు ఉంది? నేను మాత్రం ఆ ప్రశ్నను చివరికి వాయిదా వేస్తాను. కారణం ఈ అపోహల్లోనే ఉంది.

అపోహ: స్టీరింగు కుడివైపు ఉంటే భారతదేశం, ఎడమవైపు ఉంటే విదేశం.

కుడి స్టీరింగు మనకు మాత్రమే సొంతం కాదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, థాయ్‌లాండ్, మలేషియా, జపాన్, ఆస్ట్రేలియా, బ్రిటన్, దక్షిణాఫ్రికా, కెన్యా అన్నీ ఎడమ పక్కన నడిచే దేశాలే. కుడి స్టీరింగు కనిపించిందంటే గల్ఫ్, అమెరికా, ఐరోపాలోని చాలా దేశాలు కాకపోవచ్చు అని తెలుస్తుంది. అంతకు మించి ఏమీ తెలియదు.

ఇటువైపు చూస్తే, మన దేశంలో ఎడమ స్టీరింగు కారు కనిపించడం అసాధ్యమూ కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 120వ సెక్షను అలాంటి బండిని పూర్తిగా నిషేధించలేదు. నిర్దేశించిన సిగ్నల్ పరికరం పనిచేస్తూ ఉంటేనే నడపాలని షరతు పెట్టింది. అరుదు కాబట్టి దీన్ని పక్కన పెడదాం.

అపోహ: స్టీరింగు, రోడ్డు ఒకదానితో ఒకటి సరిపోతే ఫోటో నమ్మదగినదే.

దీన్ని నమ్మేవాళ్లు మామూలు పాఠకులు కారు, మా వాళ్లే. స్టీరింగు ఎడమవైపు ఉంది, బండి రోడ్డుకు కుడి పక్కన పోతోంది, అన్నీ కుదిరాయి కాబట్టి ఇది దుబాయ్ అంటారు. కానీ ఫోటోను అద్దంలో బింబంలా తిప్పేస్తే స్టీరింగు, రోడ్డు రెండూ కలిసే తిరుగుతాయి. విజయవాడ రోడ్డు మీద తీసిన ఫోటో తిరగబడితే అచ్చం కుడి పక్కన నడిచే దేశంలోలా, ఎక్కడా అతుకు కనబడకుండా తయారవుతుంది. రెండూ సరిపోయాయంటే ఫోటో తిరగబడలేదని అర్థం కాదు.

నిజానికి సరిపోకపోవడమే మంచి ఆధారం. స్టీరింగు కుడివైపే ఉండి బండ్లు కూడా కుడి పక్కనే పోతుంటే నేను మొదట మయన్మార్ వైపు చూస్తాను. 1970 డిసెంబరులో ఆ దేశం ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారింది. కానీ జపాన్ నుంచి వచ్చిన పాత కార్లు ఆ తరవాత కూడా దశాబ్దాల పాటు రోడ్లను నింపాయి. రష్యా తూర్పు కొసన ఉన్న వ్లాదివొస్తోక్‌లోనూ, మంగోలియాలోనూ జపాన్ సెకండ్ హ్యాండ్ కార్ల వల్ల ఇదే దృశ్యం. దీనికి తలకిందులుగా, ఎడమ స్టీరింగుతో ఎడమ పక్కన నడిచే చోటు అమెరికా వర్జిన్ దీవులు. ఇలాంటి జత తిరగబడినా పొసగదు. అందుకే అది కనిపించగానే వెతకాల్సిన చోట్లు కొద్దింటికి తగ్గిపోతాయి.

అపోహ: ఫోటోలో కుడి అంటే కారులో కుడి.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

వెనక సీటులోంచి ముందుకు తీస్తే మన డ్రైవరు ఫోటోలో కుడివైపు ఉంటాడు. డాష్‌బోర్డు మీద ఫోను పెట్టి వెనక్కి తీస్తే అదే డ్రైవరు ఫోటోలో ఎడమవైపు పడతాడు. ఇది మొదటి మెలిక. రెండోది సెల్ఫీ. ముందు కెమెరా తెర మీద మన ముఖాన్ని అద్దంలో చూపినట్టు చూపిస్తుంది. కొన్ని ఫోన్లు సేవ్ చేసేటప్పుడు దాన్ని సరిచేస్తాయి, కొన్ని అలాగే ఉంచేస్తాయి, కొన్నింట్లో అది సెట్టింగ్‌ను బట్టి మారుతుంది. ఈ రెండు మెలికలు కలిసినప్పుడు ఎడమ కుడుల లెక్క ఎంతటివాడికైనా తప్పుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మా డెస్కుకు ఒక సెల్ఫీ వచ్చింది. డ్రైవరు సీటులో ఒకాయన, చేయి స్టీరింగు మీద, వెనక అద్దంలోంచి నీళ్లు. డ్రైవరు తలుపు ఫోటోలో కుడివైపు ఉంది. మా యువ సహోద్యోగి తెలివైనవాడు, మొదటి మెలిక ఆయనకు తెలుసు. "కెమెరా వెనక్కి చూస్తోంది కాబట్టి ఫోటోలో కుడి అంటే కారుకు ఎడమ సార్. ఎడమ స్టీరింగు. ఏప్రిల్‌లో ఎమిరేట్స్‌లో వచ్చిన వానల ఫోటో ఇది" అన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్ 16న అక్కడ కుండపోత కురిసిన మాట నిజమే. తర్కంలోనూ లోపం లేదు. కానీ ఫోటో తిరగబడిందా అని ఆయన చూడలేదు.

నేను చూసింది చొక్కా జేబును. చొక్కాకు ఒకటే జేబు ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఎడమ రొమ్ము మీదే ఉంటుంది. సీటు బెల్టు తలుపు వైపు నుంచి వస్తుంది. కుడి స్టీరింగు కారులో డ్రైవరుకు బెల్టు కుడి భుజం మీదుగా దిగి ఎడమ నడుము దగ్గర తగులుకుంటుంది కాబట్టి ఎడమ జేబు బెల్టుకు పైన ఖాళీగా కనిపిస్తుంది. ఎడమ స్టీరింగు కారులో బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది, అంటే జేబు మీదుగానే పోతుంది. ఫోటోను ఎన్నిసార్లు తిప్పినా జేబుకూ బెల్టుకూ మధ్య ఉన్న ఈ సంబంధం మారదు. ఆ సెల్ఫీలో బెల్టు ఒక భుజం మీద ఉంది, జేబు రెండో వైపు పెన్నుతో సహా స్పష్టంగా ఉంది. అంటే కుడి స్టీరింగు కారే, ఫోటోయే తిరగబడింది. తిప్పి చూస్తే వెనక అద్దంలో గజిబిజిగా ఉన్న బోర్డు మీద తెలుగు అక్షరాలు నిలబడ్డాయి.

అది ఏ వీధో మాత్రం తేలలేదు. కుడి స్టీరింగు, తెలుగు బోర్డు, వరద నీళ్లు ఉన్నంత మాత్రాన ఆ రోజు ఆ ఊరే అనుకోలేం. అందుకే దాన్ని ప్రచురించలేదు. ఎమిరేట్స్ ఫోటో అని రాయబోయిన ఖండనను కూడా ఆపేశాం. నాకు రెండోదే ఎక్కువ ఊరట.

(ఆడవాళ్ల దుస్తులు, కుర్తాలు, రెండు జేబుల చొక్కాలు ఈ పరీక్షకు పనికిరావు. పక్క సీటులో ఉన్న మనిషికైతే లెక్క మొత్తం తారుమారవుతుంది.)

అపోహ: అక్షరాలు కనబడకపోతే ఫోటో తిరగబడిందో లేదో చెప్పలేం.

నంబరు ప్లేటో బోర్డో చదవగలిగితే పని సులువే. అవి లేకపోయినా డాష్‌బోర్డు చెబుతుంది. కారు తయారీలో కొన్ని వస్తువులు స్టీరింగుతో పాటు పక్క మార్చుకోవు.

మొదటిది పెడల్స్. స్టీరింగు ఏ వైపున్నా యాక్సిలరేటర్ డ్రైవరుకు కుడి చివరనే ఉంటుంది. కాబట్టి కుడి స్టీరింగు కారులో అది తలుపు పక్కన, ఎడమ స్టీరింగు కారులో కారు మధ్యభాగం పక్కన పడుతుంది. తలుపు పక్కన ఉన్నది వెడల్పాటి బ్రేకో క్లచ్చో కాక సన్నగా పొడవుగా ఉన్న యాక్సిలరేటర్ అయితే, ఫోటో ఎలా తిరిగి ఉన్నా అది కుడి స్టీరింగు కారే.

రెండోది స్పీడోమీటరు ముల్లు. ముల్లు ఉన్న మీటరులో సున్నా ఎడమ కింద ఉండి ముల్లు గడియారం దిశలో పైకి లేస్తుంది. ఆగి ఉన్న కారులో ముల్లు సున్నా మీద వాలి ఉంటుంది. కుడి స్టీరింగు కారులో ఆ వాలు కారు మధ్యభాగం వైపు, ఎడమ స్టీరింగు కారులో తలుపు వైపు. అంకెలు మసకబారినా ముల్లు వాలు కనబడుతుంది. పక్కనున్న ఇంజిను వేగం మీటరును మాత్రం నమ్మకండి, కొన్ని ప్యూజో కార్లలో ఆ ముల్లు ఎదురు దిశలో తిరుగుతుంది. మొత్తం తెర మీదే చూపించే కొత్త కార్లలో ఈ పరీక్ష అసలు కుదరదు.

మాన్యువల్ గేరు రాడ్డు కూడా అంతే. మొదటి గేరు దాదాపు ఎప్పుడూ ఎడమవైపు ముందుకే. కుడి స్టీరింగులో అది డ్రైవరుకు దూరంగా, ఎడమ స్టీరింగులో దగ్గరగా ఉంటుంది. బండి ఏ గేరులో ఉందో ఫోటోలో తెలిసేది చాలా తక్కువ కాబట్టి దీని మీద నేను పెద్దగా ఆధారపడను.

అపోహ: ఇండికేటర్ కాడ ఎటుందో చూసి దేశం చెప్పవచ్చు.

చెప్పలేం. అది తయారీదారు అలవాటు. మన రోడ్ల మీదే మారుతి, టొయోటా, హోండా కార్లలో ఇండికేటర్ కాడ కుడి చేతికి ఉంటుంది, ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో ఎడమ చేతికి ఉంటుంది. ఒక కారు నుంచి మరో కారుకు మారినవాళ్లు మలుపు దగ్గర వైపర్ ఆన్ చేసుకోవడం అందుకే. మైళ్లలో ఉన్న స్పీడోమీటరు ఇంతకంటే మేలు: కుడి స్టీరింగుతో మైళ్లు కనిపిస్తే నా మొదటి అనుమానం బ్రిటన్, ఎడమ స్టీరింగుతో అయితే అమెరికా.

అపోహ: ముందు అద్దంలోంచి బండి రోడ్డుకు ఏ పక్కన ఉందో చూస్తే చాలు.

ఒక్క ఫ్రేములో రోడ్డు చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటుతున్న క్షణంలో తీస్తే మన కారు కుడి పక్కన ఉంటుంది. వన్‌వేలో ఎటైనా ఉండవచ్చు. జాతీయ రహదారి మరమ్మతుల్లో ఉంటే మొత్తం ట్రాఫిక్‌ను అవతలి దారిలోకి మళ్లిస్తారు. ఇక యూటర్న్ దూరమని ఎదురు దారిలో వచ్చే మహానుభావుల సంగతి మనకు తెలియనిది కాదు.

అందుకని నేను మన కారును కాకుండా మిగతా బండ్లను చూస్తాను. వాటిలో ఏవి వెనక భాగం చూపిస్తున్నాయి, ఏవి ముఖం చూపిస్తున్నాయి, ఆ రెండు గుంపుల మధ్య గీత ఎక్కడ ఉంది అని. ఒక్క బండి మీద ఆధారపడను. మూడు నాలుగు ఒకే మాట చెబితే ఆ రోడ్డు ఏ పక్కన నడుస్తోందో తేలుతుంది. అదీ ఫోటో తిరగబడలేదని పైన చెప్పిన ఏదో ఒక పద్ధతిలో రూఢి చేసుకున్నాకే.

అద్దానికి అంటించినవీ చూడాలి. ఇటీవలి భారతీయ కార్లలో ముందు అద్దం లోపల ఎడమ మూలన రిజిస్ట్రేషన్ వివరాల స్టిక్కరు ఉండాలి. బయటి నుంచి చూస్తే పెట్రోలుకు లేత నీలం, డీజిలుకు నారింజ రంగు. ఫాస్టాగ్ సాధారణంగా మధ్యలో, లోపలి అద్దం వెనక అంటించి ఉంటుంది. లోపలి నుంచి తీసిన ఫోటోలో రెండింటి వెనక వైపే కనిపిస్తుంది కాబట్టి రంగు కోసం వెతకక్కర్లేదు, చోటు చూస్తే చాలు. స్టిక్కరు స్టీరింగుకు ఎదురు మూలన ఉండాలి. స్టీరింగున్న వైపే ఉంటే అది వేరే కాగితమైనా కావాలి, వేరే దేశమైనా కావాలి, లేదా ఎవరో అడ్డదిడ్డంగా అంటించినదైనా కావాలి. మూడోది నేను రెండుసార్లు చూశాను.