బడి నేర్పని పాఠానికి మార్కులు

2019లో ఇంగ్లండ్‌లో స్కూళ్లను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ కొత్త నియమాలు తెచ్చింది. అంతవరకూ సోషియాలజీ పుస్తకాల్లో ఉండే ‘సాంస్కృతిక పెట్టుబడి’ అనే మాట, అంటే ఇంట్లో అబ్బి బడిలో లాభం తెచ్చే అభిరుచీ తెలివిడీ, ఆ నియమాల్లోకి ఎక్కింది. చదువుకున్న పౌరులుగా బతకడానికి కావలసిన జ్ఞానాన్ని, మనుషులు ఆలోచించి చెప్పినవాటిలో మేలైనదాన్ని స్కూలు పిల్లలకు అందిస్తోందా లేదా చూస్తామన్నది దాని సారాంశం. చదవగానే ఇందులో తప్పేముందనిపిస్తుంది. కానీ ఏది మేలైనదో ముందే తేల్చేసి, అది తెలిసినవాళ్లకు పెద్దపీట వేసే స్కూళ్లను ప్రశ్నించడానికే ఈ మాట పుట్టింది. యాభై ఏళ్లలో అటుది ఇటెలా తిరిగిందో తెలియాలంటే ఫ్రాన్స్ దాకా వెళ్లాలి.

ఆ మాటను వాడుకలోకి తెచ్చిన సోషియాలజిస్టు పియెర్ బూర్డ్యూ 1930లో నైరుతి ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో పుట్టాడు. తాత కౌలు రైతు, తండ్రి పోస్టాఫీసు ఉద్యోగి. ఊళ్లో మాట్లాడేది బేర్న్ ప్రాంతపు యాస. హాస్టల్లో ఉండి చదువుకుని, చివరికి పారిస్‌లో అందరికంటే గట్టి పోటీ ఉండే కాలేజీలో సీటు సంపాదించాడు. గెలిచిన కుర్రాడే, అయినా తనతో గెలిచిన మిగతావాళ్లు ఏదో వేరేగా ఉన్నారని గమనించాడు. వాళ్లకు అక్కడ ఏదీ కొత్త కాదు. తనకు ప్రతిదీ నేర్చుకోవలసిందే.

1964లో జాన్-క్లోద్ పాసెరాన్‌తో కలిసి యూనివర్సిటీ విద్యార్థుల మీద అతను రాసిన పుస్తకం పేరు ‘వారసులు’. పేరులోనే వాదనంతా ఉంది. అందులో ఒక లెక్క బాగా ప్రచారమైంది: పెద్ద అధికారి కొడుక్కి యూనివర్సిటీలో చేరే అవకాశం వ్యవసాయ కూలీ కొడుక్కి ఉన్నదానికి ఎనభై రెట్లు, ఫ్యాక్టరీ కార్మికుడి కొడుక్కి ఉన్నదానికి నలభై రెట్లు. దీన్ని డబ్బు సమస్యగానే చూడవచ్చు. కానీ ఫీజులూ స్కాలర్‌షిప్పులూ సర్దినంత మాత్రాన తేడా పోదని బూర్డ్యూ, పాసెరాన్‌లకు అనిపించింది. ఎందుకంటే ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చిన విద్యార్థుల మధ్య కూడా తేడా అలాగే ఉంది.

ఆ తేడా కనిపించిన తీరు ఆసక్తికరం. క్లాసులో చెప్పిన విషయాల్లో కార్మికుల పిల్లలు, అధికారుల పిల్లలు కొంతవరకు దగ్గరగానే ఉన్నారు. నాటకాలు, జాజ్ సంగీతం, సినిమా వంటి, క్లాసులో ఎవరూ చెప్పని విషయాలకు వచ్చేసరికి దూరం పెరిగిపోయింది. బడికి ఎంత దూరపు విషయమైతే తేడా అంత ఎక్కువ. అవి ఇంట్లో భోజనాల దగ్గర మాటల్లో దొర్లే సంగతులు. వాటికోసం ఎవరూ కూర్చుని కష్టపడి చదవలేదు కాబట్టి, అవి తెలిసినవాడు తెలివిగలవాడుగా, పుట్టుకతో అభిరుచి ఉన్నవాడుగా కనిపిస్తాడు. ఇంటి నుంచి వచ్చినదాన్ని లోకం పుట్టుకతో వచ్చిందనుకుంటుంది. బూర్డ్యూ పట్టుకున్నది ఈ పొరపాటునే.

అది టీచరు కలం కింద ఎలా పనిచేస్తుందో చూపించే ఒక చిన్న పరిశోధన ఉంది. 1975లో మోనిక్ ద సాఁ-మార్తాఁతో కలిసి బూర్డ్యూ దాన్ని ప్రచురించాడు. పారిస్‌లో పై చదువుల ప్రవేశ పరీక్షకు అమ్మాయిలను తయారుచేసే తరగతిలో ఒక ఫిలాసఫీ టీచరు 1960లలో కొన్నేళ్లపాటు కార్డులు రాసుకున్నారు. ప్రతి విద్యార్థిని పేరునా ఒక కార్డు, దాని మీద తల్లిదండ్రుల ఉద్యోగం, మార్కులు, ఆ మార్కులు ఎందుకు వేశారో ఒకటి రెండు మాటల్లో వ్యాఖ్య. ఆ మాటలను ఇంటి నేపథ్యం పక్కన పెట్టి వరుసగా పేర్చి చూశారు. మార్కులు దాదాపు ఒకటే ఉన్నా, కింది నుంచి వచ్చిన అమ్మాయిల దగ్గర మొద్దు, చప్పగా ఉంది, కష్టపడి రాసింది అనే తరహా మాటలు ఎక్కువ. పైనుంచి వచ్చినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాట మెత్తబడుతుంది, పొగడ్త పెరుగుతుంది. ఆ టీచరు ఎవరి మీదా పగబట్టి రాయలేదు. తనకు కనిపించిందే రాశారు.

ఫ్రెంచి టీచర్ల వాడుకలో ‘స్కొలేర్’ అని ఒక మాట ఉంది. ‘బడి తరహాది’ అని అర్థం. వ్యాసం మీద ఆ మాట రాస్తే అది తిట్టు కిందే లెక్క: చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పావు, నీది అంటూ ఏమీ లేదు అని. బడి చెప్పినదాన్ని శ్రద్ధగా నేర్చుకున్న పిల్లను బడే చిన్నచూపు చూస్తోందన్నమాట. ఇది చదివిన ప్రతిసారీ నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. బడి తప్ప వేరే ఆధారం లేని పిల్లకు ‘బడి తరహా’ తప్ప ఇంకేం వస్తుంది?

ఇక సాంస్కృతిక పెట్టుబడితో పాటు బూర్డ్యూ వాడిన రెండో మాట, ‘హాబిటస్’. పాత లాటిన్ మాట. బూర్డ్యూ కంటే ముందు ఫ్రెంచి సోషియాలజిస్టు మార్సెల్ మోస్ దాన్ని నడక, ఈత వంటి ఒంటికి అలవడే పద్ధతుల గురించి చెబుతూ వాడాడు. బూర్డ్యూ చేతిలో అది ఇంకాస్త విస్తరించింది. చిన్నప్పటి నుంచి బతికిన పరిస్థితులు మనిషిలో కొన్ని మొగ్గులను దిగబెడతాయి: ఎక్కడ నోరు విప్పాలి, ఎక్కడ ఊరుకోవాలి, ఏది ‘మనలాంటి వాళ్లకు కాదు’ అని. ఆలోచించి తీసుకునే నిర్ణయాలు కావవి, ఆలోచనకు ముందే ఒంట్లో ఉండేవి. అందుకే మార్కులు వచ్చినా పెద్ద కాలేజీకి అప్లై చేయకుండా తనంతట తానే తప్పుకునే పిల్లవాడిని ఎవరూ ఆపినట్టు కనిపించదు. సాంస్కృతిక పెట్టుబడి చేతిలో ఉన్న సరుకైతే, హాబిటస్ ఆ సరుకును ఎక్కడ ఎలా వాడాలో తెలిసిన నేర్పు.

ఈ ఆలోచన ఇంగ్లీషు దేశాలకు వెళ్లాక దాన్ని కొలవాలన్నారు. కొలవాలంటే సర్వేలో ప్రశ్న కావాలి. అడగడానికి తేలికైనవి మ్యూజియానికి వెళతారా, కచేరీలకు వెళతారా వంటివే. 1982లో అమెరికాలో పాల్ డిమాజియో ఇలాంటి ఆసక్తులకూ హైస్కూల్ మార్కులకూ సంబంధం ఉందని చూపించాడు. ఇంగ్లీషు, చరిత్ర వంటి సబ్జెక్టుల్లో అది గట్టిగా, లెక్కల్లో బలహీనంగా కనిపించింది. అభిప్రాయంతో మార్కులు వేసే చోటే ఎక్కువ పనిచేసిందంటే బూర్డ్యూ వాదనకు బలమే. కానీ అబ్బాయిల్లో దాని లాభం చదువు తక్కువున్న తండ్రుల కొడుకులకే ఎక్కువ అందింది. అంటే అది ఉన్నవాళ్ల కోటగోడ ఒక్కటే కాదు, కొందరికి నిచ్చెన కూడా.

ఇంగ్లండ్‌లో ఆలిస్ సల్లివన్ 2001లో ఇంకో అడుగు వేసింది. పదహారేళ్ల వయసులో వచ్చే జీసీఎస్‌ఈ పరీక్షల ఫలితాలను తీసుకుంది. వాటిని బయటివాళ్లు దిద్దుతారు కాబట్టి, టీచరును మెప్పించినంత మాత్రాన మార్కులు రావు. అక్కడ ఆర్ట్ గ్యాలరీలకు వెళ్లడం వల్ల ప్రయోజనం కనబడలేదు. ఏం చదువుతారు, టీవీలో ఏం చూస్తారు అన్నవి మాత్రం పని చేశాయి, అదీ పిల్లల పదసంపద, లోకజ్ఞానం పెరగడం ద్వారా. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా సామాజిక వర్గాల మధ్య తేడాలో చాలా భాగం అలాగే మిగిలింది. గ్యాలరీ ట్రిప్పులతో సాంస్కృతిక పెట్టుబడి పంచుదామనుకునే స్కూళ్లు ముందుగా చదవాల్సింది ఈ పరిశోధననే.

నా దృష్టిలో బూర్డ్యూ అసలు ప్రశ్నను మళ్లీ చేతికి తీసుకున్నది సర్వేలు కాదు, ఇళ్లలోనూ క్లాసుల్లోనూ కూర్చుని చూసిన వాళ్లు. అమెరికాలో ఆనెట్ లారో బృందం తొమ్మిది, పదేళ్ల పిల్లలున్న పన్నెండు కుటుంబాల వెంట తిరిగింది. 2003లో వచ్చిన ఆమె పుస్తకంలో ఒక మధ్యతరగతి తల్లి కొడుకును డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్తూ, డాక్టర్‌ని ఏం అడగాలో ముందే ఆలోచించుకో, సిగ్గుపడకు, ఏదైనా అడగవచ్చు అని చెబుతుంది. ఆ పిల్లవాడు లోపలికి వెళ్లి డాక్టరు మాట మధ్యలోనే ఆపి, తనకు అర్థం కాని మాటకు అర్థం చెప్పించుకుంటాడు. డాక్టరూ ఓపికగా చెబుతాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషిని ప్రశ్నించడం తన హక్కు అన్న పాఠం కారులో పూర్తయింది. దాన్ని పాఠమని తల్లీ అనుకోదు, పిల్లవాడూ అనుకోడు.

అదే పాఠం క్లాసులో ఏమవుతుందో జెస్సికా కాలర్కో ఒక ప్రాథమిక పాఠశాలలో మూడు నుంచి అయిదో తరగతి దాకా పిల్లలను చూసి 2011లో రాసింది. టీచరు వర్క్‌షీటు ఇస్తుంది. ఒక ప్రశ్న అర్థం కాదు. మధ్యతరగతి పిల్లవాడు చెయ్యెత్తుతాడు, టీచరు చూడకపోతే పిలుస్తాడు, అప్పటికీ కాకపోతే లేచి ఆవిడ దగ్గరికే వెళతాడు. కార్మికుల ఇంటి పిల్లవాడు తనంతట తానే తంటాలు పడతాడు, లేదా ఆ ప్రశ్న వదిలేస్తాడు. చెయ్యెత్తినా మౌనంగా ఎదురుచూస్తాడు, ఆ సందడిలో టీచరు కంట పడడు. మొదటివాడికి సాయం అందుతుంది, పని త్వరగా పూర్తవుతుంది, జవాబూ సరిగ్గా ఉంటుంది.

ఇక్కడ రెండో పిల్లవాడి ఇంట్లో పెంపకం లోపించిందనుకుంటే పొరపాటే. తర్వాత తల్లిదండ్రులతో మాట్లాడితే కాలర్కోకు తెలిసిందేమిటంటే, వాళ్లూ పిల్లలకు నేర్పారు: టీచర్ని విసిగించకు, నీ పని నువ్వే చేసుకో, సాకులు చెప్పకు అని. ఇంకో చోటైతే ఇవి మంచి గుణాలే. ఆ క్లాసులో టీచర్లు మాత్రం అర్థం కాకపోతే పిల్లలే వచ్చి అడుగుతారనుకున్నారు, కానీ ఎప్పుడు, ఎలా అడగవచ్చో స్పష్టంగా చెప్పలేదు. ఒక ఇంటి అలవాటు క్లాసు తీరుకు అతికింది, ఇంకో ఇంటిది అతకలేదు. పెట్టుబడి అనేది పిల్లవాడి దగ్గర ఉన్న వస్తువు కాదు. బడి దేనికి విలువ కడితే అదే పెట్టుబడి అవుతుంది.

బూర్డ్యూ వాదనకు హద్దులున్నాయి. బ్రిటిష్ సోషియాలజిస్టు జాన్ గోల్డ్‌థార్ప్ 2007లో లేవనెత్తిన అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. హాబిటస్ అంత లోతుగా పాతుకుపోయేదైతే, చదువులు విస్తరించిన ఇరవయ్యో శతాబ్దంలో అన్ని వేల కార్మిక కుటుంబాల పిల్లలు పై చదువులకు ఎలా వెళ్లారు? అంటే ఇంట్లో రాని చాలా విషయాలను బళ్లు నేర్పగలిగాయనే కదా. ఇంకో చిక్కు కొలతలో ఉంది. పుస్తకాలు ఎక్కువున్న ఇంట్లో తల్లిదండ్రుల చదువు, ఆదాయం, ఓపిక కూడా ఎక్కువే ఉంటాయి. ఏది దేనివల్లో విడదీయడం కష్టం. డెన్మార్క్‌కు చెందిన మాడ్స్ యేగర్ 2011లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లను ఒకరితో ఒకరిని పోల్చాడు, ఇల్లు ఒకటే కాబట్టి ఇంటి ప్రభావం చాలావరకు పక్కకు పోతుందని. అలా చూస్తే సాంస్కృతిక పెట్టుబడి ప్రభావం అంతకుముందు అనుకున్నదానికంటే బాగా తగ్గింది.

లారో దాదాపు పదేళ్ల తర్వాత ఆ పిల్లలను మళ్లీ వెతికి కలిసింది. కార్మికుల ఇళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది కాలేజీ దరఖాస్తుల వంటివి స్కూలు చూసుకుంటుందని నమ్మి వదిలేశారు. మధ్యతరగతి తల్లిదండ్రులు మాత్రం పిల్లలు పెద్దవాళ్లయినా కోర్సుల ఎంపికలోనూ కాలేజీల విషయంలోనూ వెనకనే నిలబడి ఉన్నారు.