ఆకలేసిందని చాయ్ తాగితే చాలదు

మా బాబాయికి 62 ఏళ్లు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసిన షుగర్ మాత్ర పొద్దున్నే వేసుకుంటారు. ఒకరోజు మాత్ర వేసుకుని, టిఫిన్ తర్వాత చూద్దాంలే అని కోఠికి బయల్దేరారు. పదకొండు దాటేసరికి చేతులు వణికాయి, చొక్కా చెమటతో తడిసింది, ఎక్కడలేని ఆకలి. సంచిలోని మీటర్‌తో చూసుకుంటే 58. దగ్గర్లోని ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నారు. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 56!

గ్లిమెపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. రక్తంలో గ్లూకోజ్ 70 కంటే తగ్గితే షుగర్ పడిపోయినట్టే. అప్పుడు శరీరం కంగారుపడి అడ్రినలిన్ వదులుతుంది. వణుకు, గుండెదడ దాని పనే. చెమట, ఆకలి కూడా ఆ హెచ్చరికలో భాగమే. 54 కంటే దిగితే మెదడుకే కొరత మొదలై మాట తడబడుతుంది, ఊరికే చిరాకొస్తుంది. బీపీకో గుండెకో కొన్ని రకాల మాత్రలు వాడేవారిలో వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని ఎండ మీదికి నెట్టేయకండి.

మరి చాయ్ ఎందుకు పనిచేయలేదు? బిస్కెట్లోని కొవ్వు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. అసలు చిక్కు వోగ్లిబోస్‌ది. మనం వాడే పంచదార పేగులో విడిపోతేనే గ్లూకోజ్ వస్తుంది, ఈ మందు ఆ విడిపోవడాన్నే అడ్డుకుంటుంది. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడికి ఆ బెడద లేదు, అది నేరుగా రక్తంలో కలుస్తుంది. వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ వాడనివారికైతే పంచదార నీళ్లూ పనిచేస్తాయి.

బాబాయి ఫోన్ చేస్తే గ్లూకోజ్ పొడి కొనుక్కోమన్నాను. సుమారు 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలుపుకుని తాగారు. చేతులు కడుక్కుని (వేలికి పొడి అంటుకుని ఉంటే మీటర్ అబద్ధం చెబుతుంది) పావుగంటకి చూస్తే 86. డెబ్భై దాటకపోయి ఉంటే మళ్లీ అంతే తాగాలి. మీటర్ లేకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోకుండా ముందు గ్లూకోజ్ తాగేయాలి.

ఆ తర్వాత ఆయన అక్కడే నాలుగు ఇడ్లీలు తిన్నారు. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడిపోవచ్చు. అందుకే స్కూటర్ అక్కడే వదిలేసి ఆటోలో రమ్మన్నాం, సాయంత్రం దాకా రెండు మూడుసార్లు పరీక్షించాం. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

వారం తర్వాత ఆ అంకెలన్నీ డాక్టరుకు చూపించాం. ఆయన కిడ్నీ పరీక్ష రాశారు. కిడ్నీలు మందగిస్తే గ్లిమెపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందట. రిపోర్టు చూశాక డోసు సగం చేశారు.