ప్రశ్నపత్రం పైన రాసే సూచనలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

పదో తరగతికి లెక్కల పేపరు తయారు చేసేటప్పుడు ప్రశ్నల మీద వారం కూర్చుంటాం, సూచనలు మాత్రం పాత పేపరులోంచి దించేస్తాం. నేనూ చాలాకాలం అదే చేశాను.

అపోహ: "అంతర్గత ఎంపిక కలదు" అని రాస్తే పిల్లలకు అర్థమైపోతుంది.

వాస్తవం: కాదు. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి గణితం నమూనానే తీసుకోండి. 33 ప్రశ్నలు, 100 మార్కులు. నాలుగో విభాగంలో 29 నుంచి 33 వరకు ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి 8 మార్కులు, ప్రతిదాంట్లో (అ) లేదా (ఆ). ఒక ప్రీ-ఫైనల్‌లో మా అమ్మాయి ఒకతె 30లో రెండూ చేసి, 33 వదిలేసింది. "పదింట్లో ఏవైనా ఐదు కదా సార్" అంది. 30కి ఒక జవాబుకే మార్కులు పడ్డాయి, 8 మార్కులు పోయాయి. లెక్క రాక పోయినవి కావు, నా వాక్యం వల్ల పోయినవి. ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "29 నుంచి 33 వరకు ఐదు ప్రశ్నలకూ జవాబులు రాయాలి. ఒక్కో ప్రశ్నలో (అ) గానీ (ఆ) గానీ ఒకటే రాయాలి." ఈ మాటను విభాగం మొదట్లో కూడా మళ్లీ వేస్తాను. రెండు గంటల తర్వాత మొదటి పేజీకి వెనక్కి తిప్పి చూసేవాళ్లు ఎవరు?

అపోహ: అచ్చయిన ప్రశ్నలన్నిటి మార్కులు కూడితే మొత్తం మార్కులు రావాలి.

వాస్తవం: రాయాల్సిన జవాబులవి కూడాలి. ఇంటర్ గణితం పాత నమూనాలో 75 మార్కులు: మొదటి విభాగంలో 10×2, రెండోదాంట్లో ఏడింటికి ఐదు కాబట్టి 5×4, మూడోదాంట్లోనూ ఏడింటికి ఐదు, 5×7. అచ్చులో ఉన్నవన్నీ కూడితే 97 వస్తుంది. అందుకే గుణకారం వేసేటప్పుడు ఏడు కాదు, ఐదు వేయాలి. పదో తరగతిదైతే 12×1, 8×2, 8×4, 5×8. ఇది 100 రాకపోతే పేపరు ప్రెస్సుకు పోకూడదు.

అపోహ: సమయం "3 గంటల 15 నిమిషాలు" అంటే చాలు.

వాస్తవం: అందులో 15 నిమిషాలు పేపరు చదవడానికని విడిగా రాయాలి. లేకపోతే ఒక గదిలో రాయనిస్తారు, పక్క గదిలో పెన్ను పట్టనివ్వరు.

అపోహ: సామగ్రి గురించి "క్యాలిక్యులేటర్ వాడరాదు" ఒక్కటి చాలు.

వాస్తవం: గ్రాఫ్ ప్రశ్న (ఆ)లో ఉంటే, గ్రాఫ్ కాగితం ఎవరిస్తారో కూడా చెప్పాలి. "అడిగి తీసుకుని, ప్రశ్న సంఖ్య వేసి, జవాబు పత్రానికి దారంతో కట్టాలి" అని రాస్తాను. దిద్దేటప్పుడు విడిగా దొరికిన గ్రాఫ్ ఎవరిదో తేల్చుకునే బాధ తప్పింది.