ఫోటోను పెద్దది చేస్తే గళ్లు ఎందుకు కనిపిస్తాయి?

ఫోన్‌లో ఫోటో తెరిచి రెండు వేళ్లతో సాగదీస్తూ పోతే, ఒక దశ దాటాక ముఖం మాయమై రంగురంగుల గళ్లు మిగులుతాయి. చూసిన పిల్లలకు వెంటనే వచ్చే సందేహం ఒకటే: ఇప్పటిదాకా ఈ గళ్లు ఎక్కడున్నాయి? ఫోన్ దాచుకున్నది అంకెల వరుసలను. గళ్లను అప్పటికప్పుడు గీసి చూపిస్తుంది. ఈ మాట పిల్లలకు అర్థం కావాలంటే, ఫోటో మొదటిసారి కంప్యూటర్‌లో అంకెలుగా మారిన రోజులకు వెళ్లడమే మంచి దారి.

అది 1957. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే సంస్థలో సీక్ అనే కంప్యూటర్ ఉండేది. అక్కడ పనిచేసే రస్సెల్ కిర్ష్‌కు, అంకెలు మాత్రమే తెలిసిన ఈ యంత్రానికి బొమ్మ చూపించడం ఎలా అన్న ఆలోచన వచ్చింది. ఆయన, ఆయన సహచరులు ఒక స్కానర్ తయారుచేశారు. తిరిగే డ్రమ్ముకు ఫోటో చుట్టి, దాని మీద వెలుగు వేసి, ప్రతి పావు మిల్లీమీటరుకూ ఎంత వెలుగు తిరిగి వస్తోందో ఆ స్కానర్ కొలిచేది. ఆయన వాడిన ఫోటో తన మూడు నెలల కొడుకుది. అడ్డంగా 176, నిలువుగా 176 కొలతలు తీశారు. మొత్తం 30,976.

ఆ ఒక్కో కొలతనే ఇప్పుడు పిక్సెల్ అంటున్నాం. (ఈ పేరు అచ్చులో కనిపించింది 1965లో, ఫ్రెడ్ బిల్లింగ్స్‌లీ అనే ఇంజినీర్ పత్రాల్లో.) ఒక్కో చోట ఎంత వెలుగు ఉందో చెప్పే అంకె పిక్సెల్ అని పిల్లలకు చెబితే చాలు. రంగుల ఫోటోలో ఒక్కో చోటికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కోసం మూడేసి అంకెలుంటాయి.

కిర్ష్ స్కానర్ మొదట రెండే జవాబులు ఇచ్చేది: తెలుపు లేదా నలుపు, అంటే 1 లేదా 0. మధ్యలో ఉండే బూడిద రంగు ఛాయలన్నీ పోయేవి. దానికాయన కనిపెట్టిన ఉపాయం చక్కనిది. వెలుగుకు గీసే హద్దును మారుస్తూ, అదే ఫోటోను మళ్లీ మళ్లీ స్కాన్ చేశారు. ఒకసారి కొంచెం వెలుగున్నా తెలుపు అనమన్నారు, ఇంకోసారి బాగా వెలుగుంటేనే తెలుపు అనమన్నారు. ఆ బొమ్మలన్నీ కలిపితే ఛాయలు తిరిగొచ్చాయి.

పిక్సెల్ అంటే అంకె అని కళ్లకు కట్టిన సంఘటన 1965 జూలైలో జరిగింది. మారినర్ 4 అనే అమెరికా అంతరిక్ష నౌక అంగారక గ్రహం పక్క నుంచి వెళ్తూ ఫోటోలు తీసింది. ఒక్కో ఫోటో 200 అడ్డం, 200 నిలువు, అంటే 40,000 పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కు 0 నుంచి 63 దాకా ఒక అంకె. అక్కడి నుంచి భూమికి సమాచారం సెకనుకు ఎనిమిది బిట్లకు కొంచెం ఎక్కువ వేగంతో వచ్చేది. పిక్సెల్‌కు ఆరు బిట్లు కావాలి కాబట్టి ఒక్క ఫోటో రావడానికి సుమారు ఎనిమిది గంటలు పట్టేది. కంప్యూటర్ బొమ్మను సిద్ధం చేసేదాకా ఆగలేక, జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజినీర్లు అంకెలను కాగితపు పట్టీల మీద ముద్రించి, గోడకు వరుసగా అంటించి, అంకెను బట్టి రంగు సుద్దలతో చేత్తో రంగులు వేశారు. మనకు దగ్గరి నుంచి కనిపించిన అంగారకుడి మొదటి చిత్రాల్లో అదొకటి. తరగతిలో గ్రాఫ్ కాగితం మీద పిల్లలతో ఇదే చేయించవచ్చు. అంకెలు ఇచ్చి, ఏ అంకెకు ఏ ఛాయో చెప్పి, గడులు నింపమనాలి. పూర్తయ్యాక కాగితాన్ని గది అవతలి చివర పెట్టి చూడమనాలి. దూరం నుంచి గీతలు కలిసిపోయి బొమ్మ కనిపిస్తుంది.

ఇక జూమ్ సంగతి. 4000 అడ్డం, 3000 నిలువు పిక్సెల్స్ ఉన్న గ్రూప్ ఫోటో ఒకటి అనుకుందాం. ఫోన్ తెర అడ్డంగా 1080 చుక్కలు. ఫోటో మొత్తం చూపించాలంటే అడ్డంగా దాదాపు నాలుగేసి, నిలువుగా దాదాపు నాలుగేసి పిక్సెల్స్‌ను ఒక్క చుక్కలో ఇరికించాలి. వెనక వరుసలో ఉన్నవాడి ముఖం ఫోటోలో 40 పిక్సెల్స్ వెడల్పు ఉంటే, తెర మీద దానికి దక్కేది పదకొండు చుక్కలే. మనం సాగదీయడం మొదలుపెట్టినప్పుడు ముఖం నిజంగానే స్పష్టమవుతుంది. ఎందుకంటే అప్పటిదాకా ఇరుక్కున్న పిక్సెల్స్ ఒక్కొక్కటీ సొంత చుక్కలోకి వస్తాయి. సుమారు 3.7 రెట్లు సాగదీసేసరికి ఒక పిక్సెల్‌కు ఒక చుక్క అవుతుంది. ఫోటోలో ఉన్నదంతా అక్కడికి అయిపోయింది.

ఆ తర్వాత కూడా సాగదీస్తే? ముఖం తెరంతా నిండేదాకా సాగనిచ్చే యాప్ అయితే, 40 పిక్సెల్స్ 1080 చుక్కలు నింపాలి. ఒక్కో పిక్సెల్‌కు 27 చుక్కల వెడల్పు, 27 చుక్కల ఎత్తు వస్తుంది. వాటిలో ఏం నింపాలో ఫోన్‌కు తెలియదు. దాని దగ్గరున్నది ఒక్క రంగే కాబట్టి 729 చుక్కలకూ అదే రంగు వేస్తుంది. విడివిడిగా కంటికి ఆనని చుక్కలు అన్ని కలిసి, ఒకే రంగున్న గడిగా కనిపిస్తాయి.

కొన్ని యాప్‌లలో గళ్లకు బదులు మసక కనిపిస్తుంది. అవి పక్కపక్క అంకెల మధ్య మెట్లు వేస్తాయి. ఒక పిక్సెల్ 40, పక్కది 200 అయితే మధ్యలో 80, 120, 160 నింపుతాయి. చూడ్డానికి నునుపుగా ఉంటుంది, కానీ మధ్యలో నింపినవి కెమెరా కొలిచినవి కావు. బైక్ నంబరు ప్లేటు మీద ఒక అక్షరం మూడు పిక్సెల్స్ వెడల్పులో పడితే, గళ్లుగా చూసినా, నునుపు చేసినా ఆ అక్షరం తేలదు.

అందుకే పిక్సెల్ చతురస్రమా కాదా అన్న వాదన కూడా వచ్చింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు ఆల్వీ రే స్మిత్ 1995లో, పిక్సెల్ చిన్న చతురస్రం కాదు, ఒక బిందువు దగ్గర తీసిన నమూనా మాత్రమేనని గట్టిగా రాశాడు. నాకు ఆయన మాటే సరైనదనిపిస్తుంది. పిల్లలకు మొదటి రోజే చతురస్రం అని చెప్పేస్తే, మసక ఎందుకు వస్తుందో తర్వాత చెప్పలేం. కిర్ష్ కూడా చతురస్రాలను ఎంచుకున్నందుకు తర్వాత చింతించారు. 2010లో, ఎనభై దాటిన వయసులో, ఆకారం మారే పిక్సెల్స్‌తో బొమ్మ అంచులు నునుపుగా వచ్చే పద్ధతిని ప్రతిపాదించారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. చేతులు మారి మారి వచ్చిన ఫోటోలో కొంచెం పెద్ద గళ్లు కనిపిస్తే వాటిని పిక్సెల్స్ అనుకోకండి. జేపెగ్ పద్ధతి ఫోటోను 8 అడ్డం, 8 నిలువు పిక్సెల్స్ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలోని చిన్న తేడాలను వదిలేసి ఫైలు సైజు తగ్గిస్తుంది. ఎక్కువగా తగ్గిస్తే ముక్కల అంచులు బయటపడతాయి. తేడా పట్టడం కష్టం కాదు. ఆకాశం లాంటి సాదా భాగంలో ముక్క మొత్తం ఒకే రంగుగా మిగలవచ్చు కాబట్టి, వివరాలున్న చోట గడి మీదకే ఇంకా జూమ్ చేసి చూడాలి. లోపల రంగు కొద్దికొద్దిగా మారుతుంటే, అడ్డంగా ఎనిమిది చిన్న గళ్లు లెక్కకు వస్తే, అది జేపెగ్ ముక్క. అక్కడ ఎంత సాగదీసినా ఒకే రంగుంటే అది పిక్సెల్ అయ్యే అవకాశం ఎక్కువ.