గడువు దాటిన అట్టపెట్టె పాలు

మే 20న వంటింట్లో స్టవ్ పైనున్న అరలో ఒక లీటరు టెట్రా ప్యాక్ దొరికింది. సీలు విప్పలేదు. ముద్రించిన గడువు ఏప్రిల్ 29, అంటే మూడు వారాలు దాటింది. దాంతోపాటే కొన్న ఇంకో డబ్బా పడకగది బీరువా అడుగున ఉంది. రెండిటి మీదా ఒకే బ్యాచ్ నంబరు, ఒకే తేదీ. అత్తయ్య రెండూ పారబోయమన్నారు. నేను ముందు విప్పి చూద్దామన్నాను.

ఈ పాలను 135 డిగ్రీల పైన కొన్ని సెకన్లు వేడి చేసి, క్రిములు లేకుండా శుభ్రం చేసిన డబ్బాలో గాలి తగలకుండా నింపుతారు. అట్ట, ప్లాస్టిక్, లోపల పల్చని అల్యూమినియం రేకు కలిసి గాలినీ వెలుతురునూ అడ్డుకుంటాయి. లోపల పెరగగలిగే సూక్ష్మజీవులు దాదాపు ఉండవు కాబట్టే ఫ్రిజ్ లేకపోయినా నెలల తరబడి ఉంటాయి. తేదీ దాటిన రాత్రి కొత్తగా క్రిములు పుట్టుకు రావు.

అయితే ఆ వేడికి బాక్టీరియా చచ్చినా, అవి ముందే పాలలోకి వదిలిన ఎంజైములు కొన్ని మిగిలిపోతాయి. పాలు పితికాక చల్లటి ట్యాంకుల్లో ఎక్కువ సేపు ఉంటే, చలిలోనూ పెరిగే సూడోమోనాస్ లాంటి బాక్టీరియా వీటిని తయారుచేస్తాయి. ఇవి నెలల తరబడి మాంసకృత్తులను కొద్దికొద్దిగా తెంపుతూ ఉంటాయి. దాంతో పాలకు చేదు వస్తుంది, చివరికి పులుపు లేకుండానే జెల్లీలా గట్టిపడతాయి. కొవ్వు విడిపోయి పైన తేలుతుంది. ఉన్నచోటు ఎంత వేడిగా ఉంటే ఈ పని సాధారణంగా అంత త్వరగా సాగుతుంది. అందుకే తేదీ కంటే డబ్బా ఎక్కడ ఉందన్నదే నేను ముందు అడుగుతాను.

అసలు ప్రమాదం వేరే దారిలో వస్తుంది. రవాణాలో మూల నొక్కుకుపోయి మడత దగ్గర సూదిమొన అంత రంధ్రం పడితే బయటి క్రిములు లోపలికి వెళ్తాయి. ఇది గడువుకు ముందైనా జరగొచ్చు. గ్యాస్ పుట్టించే రకమైతే డబ్బా ఉబ్బుతుంది. ఉబ్బినా, మడతల దగ్గర తడి కనిపించినా, అట్ట మెత్తబడినా విప్పకుండా, రుచి చూడకుండా పారేయాలి. కానీ గ్యాస్ లేకుండా పులిపించే క్రిములూ ఉన్నాయి, కాబట్టి ఉబ్బలేదని నిశ్చింతగా ఉండకూడదు.

మా రెండు డబ్బాలూ ఉబ్బలేదు, మడతలు పొడిగా ఉన్నాయి. స్టవ్ పైదాన్ని గాజుగ్లాసులోకి వంపాను. మొదట మామూలుగానే పడ్డాయి, చివర్లో మెత్తని జున్నులాంటి ముద్ద ఒకటి జారి అడుగున కూర్చుంది. పుల్లటి వాసన లేదు, రంగు మాత్రం కాస్త గోధుమ వైపు తిరిగింది. ఆ ముద్ద ఎంజైములు చేసిన పనిలాగే ఉన్నా, రుచి చూడలేదు, సింకులో పోసేశాను.

బీరువాలోవి పల్చగా, ఒకే తీరుగా పడ్డాయి. పైన సన్నని మీగడ తెర ఉంది, కలిపితే కలిసిపోయింది. వాసన శుభ్రంగా ఉంది. చిన్న గిన్నెలో పావు కప్పు మరిగిస్తే విరగలేదు. అప్పుడు చెంచాడు నాలుక మీద వేసుకున్నాను: చేదు లేదు, పులుపు లేదు, పాతబడిన నూనె వాసన లేదు. ఆ సాయంత్రం కాఫీ పెద్దవాళ్లం తాగాం. రెండేళ్ల పాపకు మాత్రం వాటిని పోయలేదు.

మరిగించి చూడటం పులుపును పట్టడానికే. పాలలో ఆమ్లం పెరిగితే వేడికి విరుగుతాయి. అయితే విరగనంత మాత్రాన పూర్తి హామీ లేదు. కొన్ని క్రిములు వదిలే విషాలు మరిగించినా పోవు కాబట్టి, అనుమానం ఉన్న పాలను 'కాచేస్తే సరిపోతుంది' అనుకోవడం తప్పు. పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో నీరసించినవాళ్లకు గడువు దాటిన డబ్బా వద్దనే అంటాను.

డబ్బా మీది మాట కూడా చూడాలి. బ్రిటన్‌లో ఇలాంటి పాల మీద 'బెస్ట్ బిఫోర్' ఉంటుంది, అది నాణ్యత గురించిన మాట. మన దగ్గర ఆహార భద్రతా సంస్థ 2020 లేబులింగ్ నిబంధనలు 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' తేదీ తప్పనిసరి చేశాయి, ఆ తేదీ దాటాక దుకాణం అమ్మకూడదు. ఇంట్లో ఉన్నదాన్ని పరీక్షించి వాడితే ఆ నిర్ణయం మనదే, కంపెనీ హామీ అప్పటికే ముగిసింది.

సీలు విప్పిన క్షణం నుంచి ఇవీ మామూలు పాలే. మిగిలినవాటిని మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు పొద్దున టీకి వాడేశాం.